బెవ్వఁడు టైపు తప్పు కాదు

(కావలిలో, గుడుల తరఫున పద్యాల పుస్తకాలు అచ్చు వేయించే భజన బృందాల వారి ముందు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్ళు కాస్త ముందుకు రండి, ఈ మైకు మీద నాకు నమ్మకం లేదు.

నన్ను పిలిచినప్పుడు "మాస్టారూ, ప్రూఫులు ఎలా చూడాలో చెప్పండి" అన్నారు. అదంతా ఒక పూటలో చెప్పేది కాదు. అందుకని ఒక్క పద్యం తీసుకుని, దాని ప్రూఫు మేం ఎలా చూశామో చెబుతాను. పోయిన ముక్కోటికి మా వీధి గుడి తరఫున గజేంద్రమోక్షం పద్యాలు కొన్ని ఏరి, కింద అర్థాలతో 32 పేజీల చిన్న పుస్తకం వేశాం. పోతన గారి భాగవతంలో అష్టమ స్కంధంలోది ఆ కథ. అందులో మీ అందరికీ నోటికొచ్చిన పద్యమే ఇది. మొదట సరైన రూపంలో చదువుతాను. కాగితాలు పంచారు కదా, చూస్తూ వినండి.

ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై
యెవ్వని యందు డిందుఁ బరమేశ్వరుఁ డెవ్వఁడు మూలకారణం
బెవ్వఁ డనాదిమధ్యలయుఁ డెవ్వఁడు సర్వముఁ దాన యైన వాఁ
డెవ్వఁడు వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేఁడెదన్.

ఇప్పుడు కాగితం వెనక్కి తిప్పండి. మాకు మొదటి ప్రూఫులో వచ్చింది ఇది.

ఎవ్వనిచే జనించు జగం ఎవ్వని లోపల నుండు లీనమై
ఎవ్వని యందు డిందు పరమేశ్వరు డెవ్వడు మూలకారణం
ఎవ్వడు అనాదిమధ్యాలయు డెవ్వడు సర్వము దాన యైన వా
డెవ్వడు వాని నాత్మభవు నీశ్వరు నే శరనంబు వేడెదన్.

టైపు చేసిన అమ్మాయి డిగ్రీ చదువుతోంది, తెలివైన పిల్ల. నిర్లక్ష్యంగా చేసిన పని కాదిది. నిజానికి ఇందులో చెయ్యి జారి పడినవి తక్కువ, ఆ పిల్ల మంచి మనసుతో "సరిచేసినవి" ఎక్కువ. "బెవ్వడు అని పుస్తకంలో తప్పు పడింది తాతయ్యా, నేను ఎవ్వడు అని మార్చేశాను" అంది. (నవ్వులు) నవ్వకండి, మీలో సగం మంది కూడా అదే చేస్తారు. ఆ మాట అంది కాబట్టే ఈ పద్యాన్ని ఎంచుకున్నాను. ప్రూఫు చూసేవాడికి నిజమైన చిక్కు తప్పును పట్టుకోవడంలో లేదు. తప్పులా కనబడే ఒప్పును ముట్టుకోకుండా వదిలేయడంలో ఉంది.

బెవ్వఁడు సంగతి చూద్దాం. రెండో పాదం చివర "మూలకారణం" అని ఆగింది. అక్కడ మాట పూర్తి కాలేదు. అసలు మాట "మూలకారణంబు". దాని పక్కన "ఎవ్వఁడు" చేరితే "మూలకారణం బెవ్వఁడు" అయింది. మాట మధ్యలో పాదం విరిగింది కాబట్టి "బె" కింది పాదంలోకి దిగింది. పద్యాల్లో ఇది మామూలు వ్యవహారం. మూడో పాదం చివరి "వాఁ", నాలుగో పాదం మొదటి "డె" కూడా అంతే, "వాఁడు ఎవ్వఁడు" అనేది రెండు ముక్కలైంది. ఆ అమ్మాయి "డెవ్వఁడు" జోలికి పోలేదు, "బెవ్వఁడు" మాత్రం మార్చింది. ఎందుకంటే పై పాదంలో "మూలకారణం" అని ఆగితే అది నిండు మాటలాగే కనబడుతుంది. "వా" దగ్గర ఆగితే అలా కనబడదు.

కాబట్టి పద్యంలో పాదం మొదటి అక్షరం వింతగా ఉంటే, ముందు పై పాదం చివరి మాటతో కలిపి చదవండి. కలిసిందా, వదిలేయండి.

సరే, మేం చూసిన పద్ధతి చెబుతాను. మొదట ఒక ఆధార ప్రతి పెట్టుకోవాలి. ఒకటే. ఇంట్లో పాత పుస్తకం ఒకటి, ఫోన్లో ఎవరో పంపింది ఒకటి, అమ్మమ్మ పాడినది ఒకటి అని మూడు పెట్టుకుంటే ఎక్కడికక్కడ నచ్చింది ఏరుకుంటాం. చివరికి ఎక్కడా లేని నాలుగో పాఠం తయారవుతుంది. అర్థ తాత్పర్యాలతో, పరిష్కరించి అచ్చు వేసిన పుస్తకం ఒకటి తీసుకుని, "ఈ పుస్తకంలో ఎలా ఉంటే అలా" అని మొదటి రోజే నిర్ణయించుకున్నాం.

తర్వాత ఇద్దరు కూర్చోవాలి. ఒకరు ఆధార ప్రతి పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు మీద పెన్ను పెట్టి అక్షరం అక్షరం వెంట పోవాలి. ఒక్కరే రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, నోటికొచ్చిన పద్యం కంటికి సరిగ్గానే కనబడుతుంది. మన బుర్ర కాగితం మీద ఉన్నది చదవదు, తనకు తెలిసింది చదువుకుంటుంది. మా ఇంట్లో చదివేది మా ఆవిడ, పెన్ను నాది. మొదటి పద్యానికే ఆమెకు విసుగొచ్చింది. "అరసున్న, అరసున్న అని ఎన్నిసార్లు అనాలండీ, పద్యం చదువుతున్నానా, సున్నాలు లెక్కపెడుతున్నానా" అని. తర్వాత తనే ఉపాయం కనిపెట్టింది. కాఫీ గ్లాసు మీద చెంచాతో ఒకసారి టింగుమంటే అరసున్న. ఈ పద్యానికి పది టింగులు పడ్డాయి. ప్రూఫులో ఒక్క అరసున్నా లేదు.

ఇంకో చిన్న సంగతి. పద్యాలు మొదటి నుంచి కాకుండా చివరి పద్యం నుంచి వెనక్కి వస్తూ చదివాం. కథ వరుసలో పోతే గజేంద్రుడు మొర పెట్టుకునే చోట మా ఆవిడ గొంతులోకి రాగం వస్తుంది, నా పెన్ను ఆగిపోతుంది. భక్తికి మంచిదే, ప్రూఫుకు చేటు.

ప్రూఫు కాగితం కూడా పెద్ద అక్షరంలో తీయించుకోండి. మా పుస్తకం 14 పాయింట్లలో వేశాం, మొదటి ప్రూఫు మాత్రం 18లో తీయించాను. చిన్న అక్షరంలో ద, ధ తేడా కనబడదు, అరసున్నకూ ఇంకు మరకకూ తేడా తెలియదు. ఆఖరి ప్రూఫు మాత్రం అసలు సైజులోనే చూడాలి. సైజు మారితే పాదం చివరి అక్షరం జారి కింది వరుసలో పడుతుంది, అప్పుడు "రణం" అనే తోక ఒంటరిగా వేలాడుతూ ఉంటుంది.

ఇక పద్యానికి దేవుడిచ్చిన కాపలా ఒకటుంది, ఛందస్సు. వచనానికి ఆ అదృష్టం లేదు. ఇది ఉత్పలమాల. పాదానికి 20 అక్షరాలు, భ ర న భ భ ర వ అనే గణాలు, పదో అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం ప్రాస. పేర్లు మరిచిపోయిన వాళ్ళు కంగారు పడకండి. వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టడం, దీర్ఘమా హ్రస్వమా చూసుకోవడం వస్తే సగం పని అయినట్టే.

మొదటి పాదం ప్రూఫులో చూడండి. "ఎవ్వనిచే జనించు జగం ఎవ్వని". అక్షరాల లెక్క సరిపోయింది, 20 ఉన్నాయి. కానీ "చు, జ, గ" మూడూ లఘువులుగా రావాలి, అది న గణం. "గం" అనగానే సున్న వల్ల అది గురువైంది. గణం చెడింది. వెనక్కి వెళ్ళి చూస్తే "జగము ఎవ్వని" కలిసి "జగ మెవ్వని" అయిన చోటు అది. ఇప్పటి మాట తీరులో "జగం" అని టైపు చేసింది పిల్ల.

మూడో పాదానికి రండి. "ఎవ్వడు అనాది". లెక్కపెట్టండి, 21 వస్తాయి. "డనాది" అని కలవాల్సింది విడిపోయి ఒక అక్షరం పెరిగింది. దాని పక్కనే "మధ్యాలయుడు". ఇది నాకు భలే నచ్చిన తప్పు. గుడి పుస్తకంలో "ఆలయుడు" అని కనబడితే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి? చదివిన పదిమందీ తల ఊపుతారు. కానీ అక్కడ ఉన్నది ఆలయం కాదు, లయం. ఆది, మధ్యం, లయం, అంటే మొదలూ నడుమా చివరా లేనివాడు అని. "ధ్య ల యుఁ" మూడు లఘువులు ఉండాల్సిన చోట "ధ్యా" దీర్ఘం పడింది కాబట్టి గణం మొర పెట్టింది. అర్థం చూసి పట్టుకోలేని దాన్ని లెక్క పట్టించింది.

అలాగని ఛందస్సును మరీ నమ్ముకోవద్దు. దానికి పొడవూ పొట్టీ తెలుసు కానీ అక్షరం మొహం తెలియదు. నాలుగో పాదంలో "శరనంబు" చూడండి. ణ బదులు న పడింది. గణానికి ఏమీ పట్టలేదు. "బెవ్వఁడు" బదులు "ఎవ్వడు" పడినా, గణం కిమ్మనలేదు. అక్షరం మారడం వల్ల యతో ప్రాసో చెడితే పట్టుకునే అవకాశం ఉంది, మిగతా చోట్ల లేదు. సంస్కృత శ్లోకాల్లో ఇది మరీ ఎక్కువ. "సర్వవిఘ్నోపశాంతయే" అనే మాటను "సర్వవిజ్ఞోపశాంతయే" అని వేసిన కాగితాలు మీరూ చూసి ఉంటారు. అక్షరాల లెక్క సరే, గురులఘువులు సరే. అడ్డంకులన్నీ పోవాలని మొక్కుకోవాల్సిన వాళ్ళం తెలిసినవాళ్ళందరూ చల్లబడిపోవాలని మొక్కుకుంటున్నాం. (నవ్వులు) అలాంటి వాటికి ఆధార ప్రతి పైకి చదవడం తప్ప మందు లేదు. చదివే మనిషి కూడా ఘ్న, జ్ఞ, శ, ష, స, న, ణ విడివిడిగా పలకగలిగి ఉండాలి. నోట్లో తేడా లేకపోతే కాగితం మీద తేడా దొరకదు.

ఇప్పుడు అరసున్నల దగ్గరికి వస్తాను, మీరు దీని గురించే అడుగుతారని తెలుసు. "ఈ రోజుల్లో అరసున్న ఎవరు చూస్తారండీ, తీసేద్దాం" అని మా కమిటీలో కూడా అన్నారు. తీసేసి వేసిన మంచి పుస్తకాలున్నాయి, తప్పేమీ లేదు. తీస్తే మొత్తం తీయాలి, ఉంచితే మొత్తం ఉంచాలి. ఒక పద్యంలో ఉండి, పక్క పద్యంలో లేకపోతే అది పద్ధతి కాదు. మేం ఉంచాం. ఎందుకు ఉంచామో ఈ పద్యంతోనే చెబుతాను.

"సర్వముఁ దాన యైన వాఁడు". ఇక్కడ "దాన" ఏమిటి? అసలు మాట "తాన", అంటే తానే. "సర్వమున్" అనే మాట చివర నకారం ఉంది, దాన్ని ద్రుతం అంటాం. ద్రుతం పక్కన క, చ, ట, త, ప వస్తే అవి గ, జ, డ, ద, బ అవుతాయి. అలా "సర్వమున్, తాన" కలిసి "సర్వముఁ దాన" అయింది. పోయిన నకారానికి గుర్తుగా అరసున్న నిలబడింది. రెండో పాదంలో "డిందుఁ బరమేశ్వరుఁడు" కూడా అదే, "డిందున్, పరమేశ్వరుఁడు". మన అమ్మాయి అరసున్న తీసేసింది కాబట్టి "బరమేశ్వరుడు" ఆమె కంటికి తప్పులా కనబడింది, "పరమేశ్వరుడు" చేసేసింది. అరసున్న ఉంటే, ఇక్కడ త ద అయింది, ప బ అయింది అని చెప్పే ఆనవాలు ఉన్నట్టు. అన్ని అరసున్నలూ ఇలాంటివి కావు. "వాఁడు"లో ఉన్నది పాత "వాండు"లోని నిండు సున్న మిగిల్చిన గుర్తు. ఆ తేడా తెలియకపోయినా ప్రూఫు చూడొచ్చు, పుస్తకంలో ఉంటే ఉంచడమే కదా పని.

ఆ "దాన"తో అసలు కథ అర్థం దగ్గర జరిగింది. అర్థాలు రాసిచ్చింది మా గుడి పెద్దాయన. భక్తిగా, చక్కని చేతిరాతతో నోటు పుస్తకం నింపి ఇచ్చారు. ఈ పద్యం కింద ప్రతిపదార్థంలో "సర్వము = సమస్తమును, దాన యైనవాడు = దానము చేసినవాడు" అని ఉంది. వినడానికి బాగానే ఉంది, లోకమంతా ఇచ్చినవాడు దేవుడే కదా. కానీ కవి చెప్పింది అది కాదు. అన్నీ తానే అయినవాడు అని.

ఇక్కడ ప్రూఫు చూసేవాడి అధికారం ఎంతవరకు? అది నేను నిర్ణయించుకున్న తీరు చెబుతాను. పద్యంలో ఆధార ప్రతికి భిన్నంగా ఉన్నది ఏదైనా ఎర్ర పెన్నుతో దిద్దేస్తాను, ఎవరినీ అడగను. అర్థంలో "లోకమును" బదులు "లోకమునును" అని పడితే అదీ దిద్దేస్తాను, అది చెయ్యి జారడం. కానీ "దానము చేసినవాడు" అనేది చెయ్యి జారడం కాదు, రాసినాయన ఉద్దేశం. దాన్ని నేను దిద్దకూడదు. పెన్సిల్‌తో పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, నోటు పుస్తకం పట్టుకుని సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. "పెద్దాయనా, ఇక్కడ తాన అనేది దాన అయిందేమో, ఒకసారి చూడండి" అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదువుకున్నారు. "అరెరే, దానం ఎక్కడిది, తానే కదా" అని ఆయనే కొట్టేసి రాశారు. చెప్పకుండా మార్చి ఉంటే అచ్చయ్యాక "నా అర్థం ఎవడు మార్చాడు" అని గుడిలో పంచాయితీ అయ్యేది. న్యాయంగా అయ్యేది కూడా.

ప్రతిపదార్థంలో ఇంకో మెలిక ఉంది. సమానం గుర్తుకు ఎడమ పక్క ఉన్న మాట పద్యంలోది, కుడి పక్క ఉన్నది మనది. ఎడమ పక్కను పద్యంతో మళ్ళీ పోల్చాలి. పద్యంలో దిద్దిన తప్పు అక్కడ అలాగే ఉండిపోతుంది, చాలామంది మరిచిపోయేది ఇదే. మేమూ మరిచిపోయాం. రెండో ప్రూఫులో పద్యంలో "అనాదిమధ్యలయుఁడు" సరిగ్గా ఉంది, కింద అర్థంలో "అనాదిమధ్యాలయుడు" హాయిగా కూర్చుని ఉంది.

కంప్యూటర్ విషయం రెండు మాటల్లో చెబుతాను. కంటికి కనబడని తప్పులు కొన్ని ఉంటాయి. నిండు సున్న బదులు అంకెల్లోని సున్నా కొడతారు, విసర్గ బదులు రెండు చుక్కల గుర్తు పెడతారు, "నమః" కాస్తా "నమ:" అవుతుంది. కాగితం మీద పెద్దగా తేడా తెలియదు కానీ ఫైలులో వెతికితే ఆ మాట దొరకదు. అక్షర శైలి మారిస్తే బయట పడుతుంది. రెండోది, మనం యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తాం, చాలా ప్రెస్సుల్లో ఇంకా పాత డీటీపీ ఫాంట్లలోకి మార్చుకుని పేజీలు కడతారు. ఆ మార్పిడిలో అరసున్నలు, అరుదైన వత్తులు ఎగిరిపోవచ్చు. అందుకని మన ఫైలు ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు, ప్రెస్సు వాళ్ళు కట్టిన పేజీ నుంచి తీసిన కాగితం మీదే ఆఖరి ప్రూఫు చూడాలి.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను, లేకపోతే అందరి తప్పులూ చెప్పి నాది దాచినట్టవుతుంది. వెనకటికి వేసిన ఒక పుస్తకంలో ప్రతి పద్యం కింద "అర్ధం" అని పడింది. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. ప్రతి పద్యం కిందా "సగం, సగం" అని వేసినట్టు. "స్వార్ధం", "పరమార్ధం" అని లోపల కూడా ఉన్నాయి. ఒక్కొక్కటీ దిద్దడానికి బద్ధకించి, "ర్ధ ఉన్న చోటల్లా ర్థ పెట్టెయ్యి" అని ప్రెస్సులో కుర్రాడికి చెప్పాను. క్షణంలో అయిపోయింది. పుస్తకం చేతికొచ్చాక చూస్తే "గోవర్ధనగిరి" "గోవర్థనగిరి" అయింది, "అర్ధనారీశ్వరుడు" "అర్థనారీశ్వరుడు" అయ్యాడు. దిద్దబోయి చెడగొట్టింది టైపిస్టు కాదు, నేను. అప్పటి నుంచి ఒకేసారి మార్చే పని ఏదైనా ఉంటే, ఒక్కో చోటా ఆగి చూసి నొక్కమంటాను. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను. ఏ పాదంలో ఒక్క అక్షరం దిద్దినా, తర్వాతి ప్రూఫులో ఆ అక్షరం కాదు, ఆ పద్యం మొత్తం మళ్ళీ చదవాలి. దిద్దే చెయ్యి పక్క అక్షరాన్ని కూడా తడుముతుంది.

ప్రశ్న ఏమన్నా ఉంటే అడగండి. ఏమ్మా? పాఠాంతరాల గురించా? మంచి ప్రశ్న.

"పలికెడిది భాగవత మఁట" అందరికీ వచ్చు కదా. తర్వాత ఏముంది? చూశారా, ఇక్కడే రెండు వినబడ్డాయి. కొందరు "పలికించెడివాఁడు రామభద్రుం డఁట" అన్నారు, కొందరు "పలికించు విభుండు రామభద్రుం డఁట" అన్నారు. కంద పద్యం. గణం కట్టి చూడండి, రెండూ చక్కగా సరిపోతాయి. అర్థంలోనూ తగువు లేదు. ఇలాంటి చోట ఛందస్సూ తీర్పు చెప్పదు, మన ఇష్టమూ చెల్లదు. ఆధార ప్రతిలో ఏది ఉంటే అదే. రెండోది కూడా చెప్పాలనిపిస్తే అడుగున చిన్న అక్షరాల్లో "ఇలా కూడా పాఠం ఉంది" అని వేయొచ్చు. పద్యంలో కలిపి వండకూడదు.

మా ఆధార ప్రతిలో "పలికించు విభుండు" ఉంది, మా పుస్తకం మొదట్లో అలాగే వేశాం. పుస్తకాలు పంచిన మర్నాడు పొద్దున్నే ఒక పెద్దావిడ మా గడప దగ్గరికి వచ్చింది. "ఏం నాయనా, తెలుగు చెప్పినోడివి, మొదటి పద్యమే తప్పేశావే" అంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఆధార ప్రతి తెచ్చి చూపించాను. కళ్ళజోడు లేదంది, మా ఆవిడే చదివి వినిపించింది. ఆవిడ అంతా విని, పుస్తకం మూసి నా చేతికిచ్చి, "నీ పుస్తకంలో నువ్వు అట్లానే వేసుకో. నేను మాత్రం మా నాయన చెప్పినట్టే చదువుకుంటా" అని కాఫీ తాగి వెళ్ళింది.